నూట నలభై మూడు పేర్లు, ఒక్క పేజీ

నల్లగండ్లలోని ఆ అపార్ట్‌మెంట్ల సముదాయంలో ఏ సభ జరిగినా, పౌలు మైకు దగ్గరకు నడిచి చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారంటే, వెనుక వరుసల వారు చప్పుడు కాకుండా లేచి భోజనాల బల్లల వైపు సాగిపోవడం ఆనవాయితీ. కాగితం మొదటి మడత విప్పేసరికి పప్పు, రెండో మడతకు కూర, మూడో మడతకు పెరుగు పూర్తయ్యేవి. నాలుగో మడత విప్పి "చివరగా" అని ఆయన అన్నప్పుడు, ఎదుట మిగిలేవారు ముగ్గురే: భార్య దీనమ్మ, మైకు సెట్టు ఆపవలసిన మనిషి, కుర్చీలో నిద్రపోయిన ఎవరో ఒక తాతగారు.

వందన సమర్పణ అన్న ప్రక్రియకు మన సభల్లో ఏనాడూ మంచికాలం లేదు. అధ్యక్షుల వారికి శ్రోతల తొలి ఉత్సాహం దక్కుతుంది. ముఖ్య అతిథికి పూలదండ, శాలువా దక్కుతాయి. వందన సమర్పణ చేసే మనిషికి దక్కేది శ్రోతల ఆకలి ఒక్కటే. అయినా ఎవరూ చేయనన్న ఆ పనిని పౌలు అడిగి మరీ తీసుకొనేవారు. వాచ్‌మన్ మొదలు పూలు తెచ్చిన ఆటో డ్రైవరు దాకా, ఒక్క పేరు జారిపోకుండా, పట్టిక కట్టి చదివేవారు. చర్చిలోనూ, కాలనీలోనూ ఆయనను అందరూ చాటున "వందన సమర్పణ పౌలు" అనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసి, ఆ పేరు పెట్టిన వారి పేరు కూడా పట్టికలో వేసుకొనేవారు.

ఈ పట్టికల పిచ్చికి మూలం ఇరవై ఐదేళ్ళ కిందట బాలానగర్‌లో ఉంది.

మెదక్ జిల్లా పల్లె నుంచి పంతొమ్మిదేళ్ళ వయసులో వచ్చి, బాలానగర్‌లోని ఒక కర్మాగారంలో లేత్ పని నేర్చుకోవడానికి చేరిన పౌలుకు, పని నేర్పింది వెంకటనారాయణ అనే పెద్ద టర్నరు. ఆ టర్నింగ్ షాపులో అందరికీ ఆయన ఉస్తాద్. ఇనుపకడ్డీని లేత్‌కు బిగించి తిప్పుతూ, పదునైన బిట్‌తో పొరలు పొరలుగా చెక్కి, వెంట్రుకంత తేడా లేకుండా కొలతకు తెచ్చి, షాపు మాటలో 'జాబ్' చేయడం ఆయనకు అన్నం కలుపుకొన్నంత సులువు. ఆయన ఉద్యోగ విరమణ నాడు షామియానా వేసి సభ జరిపారు. వందన సమర్పణ పౌలుది. మేనేజరుకు, యూనియన్ నాయకులకు, వంటవారికి, దండలు గుచ్చినామెకు, టెంట్ హౌస్ యజమానికి, అందరికీ ధన్యవాదాలు చెప్పి, చప్పట్ల మధ్య కూర్చొన్నాక తెలిసింది: ఎవరి కోసం ఆ సభ జరిగిందో ఆ ఉస్తాద్ పేరే ఎత్తలేదని! మర్నాడే దిద్దుబాటుగా ఒక పట్టిక రాసి కర్మాగారం నోటీసు బోర్డుకు అంటించారు. ఉస్తాద్ ఆ రోజు తన సామాను తీసుకొనిపోవడానికి వచ్చి, బోర్డు చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. ఆ తరువాత ఇరవై ఐదేళ్ళూ మాట్లాడలేదు.

పేరు మరచినందుకే ఆ కోపమని పౌలు నమ్మకం. అప్పటినుంచి ఆయన ఏ పేరూ మరువలేదు.

అటువంటి మనిషి పుస్తకం రాశారు. పేరు "లేత్ ముందు ముప్పై తొమ్మిదేళ్ళు". "నలభై అని రాస్తే నిండుగా ఉంటుంది డాడీ" అని కూతురు దీవెన అంటే, కొలతలో ఒక ఏడాది తేడా వస్తే తాను టర్నరునే కానన్నారు. దీవెన హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. చెప్పింది చెప్పినట్లు ఫోనే రాసుకొనే విద్య తండ్రికి నేర్పింది ఆమే. రెండేళ్ళపాటు ఆయన బాల్కనీలో నిలబడి ఫోనుకు లేత్ పాఠాలు చెబుతుంటే, ఎదుటి టవర్లోని వారు పాపం పెద్దాయన ఎవరితోనో పోట్లాడుతున్నారనుకొన్నారు. ఆదివారం ఆరాధన తరువాత అపార్ట్‌మెంట్ హాల్లో పుస్తకావిష్కరణ. బుధవారం సాయంత్రానికి పుస్తకం అచ్చుకు పోవాలి.

మంగళవారం పొద్దున కిరణ్మయి ఫోన్ చేసింది. బాలానగర్‌లోని ఒక చిన్న ప్రెస్సులో పుస్తకాలకు పేజీలు కట్టే అమ్మాయి ఆమె, మాటకు పదునెక్కువ.

"అంకుల్, మీరు పంపింది కృతజ్ఞతలా, ఓటర్ల లిస్టా?"

"ఏమైందమ్మా? ఎవలన్నా తప్పిపోయిన్రా?" పౌలు పట్టిక నకలు కోసం జేబు తడిమారు.

"నూట నలభై మూడు పేర్లు అంకుల్! నాలుగు పేజీలు పట్టింది. మీకున్నది ఒక్కటే పేజీ. మొదటి పేజీల పుస్తకం పేరు, రెండో దాంట్ల ప్రచురణ వివరాలు, మూడు అంకితం, నాలుగు కృతజ్ఞతలు, ఐదునుంచి విషయసూచిక. మొత్తం నూట పన్నెండు. పదహారు పేజీలకొక ఫారం, ఏడు ఫారాలు, లెక్క బరాబర్."

"మూడు పేజీలే కదనమ్మా పెరిగేది."

"మూడు పెరిగితే ఎనిమిదో ఫారం ఎక్కాలె. అండ్ల పదమూడు పేజీలు ఖాళీగ పోతయి."

"ఖాళీ ఎందుకు పోతయి? ఇంకొంతమందిని రాస్త!"

అవతల కిరణ్మయి నవ్వాపుకోవడానికి కొంత సమయం తీసుకొంది. "కవర్ అచ్చయిపోయింది అంకుల్. పుస్తకం వెన్ను ఏడు ఫారాల మందానికే కొలిచి వేసినం."

కొలత అన్న మాట వినగానే పౌలు ఒప్పుకొన్నారు. కొలతతో వాదించడం ఆయన జీవితంలో లేదు.

"ఇంకోటి," అంది కిరణ్మయి. "అంకితం పేజీల 'పై నూట నలభై మూడు మందికి' అని రాసిన్రు. అంకితం పేజీ ముందొస్తది, లిస్టు తర్వాతొస్తది. పై అంటే యాడ అంకుల్, అట్ట మీదనా? అయినా అంకితమంటే ఒకరికో ఇద్దరికో ఇస్తరు. ఊరందరికి ఇస్తే అది అంకితం కాదు, ప్రసాదం. పేరు వేసేటోళ్ళను ముందుగాల అడగండి, ఇంటిపేరు సరిచూడండి. ఆ మొదటి నంబర్ల వెంకటనారాయణ గారికి ఇంటిపేరే లేదు."

"ఆయనను అడగాల్నా?" అన్నారు పౌలు.

"అడగాలె. రేపు సాయంత్రం ఐదు వరకు నాకు ఒక్క పేజీ."

పౌలు ఆ పేజీని కుదించడానికి ఎంచుకొన్న మార్గం న్యాయమైనదే. కాలనీ వాట్సాప్ గ్రూపులో, కష్టపడి, కామాలు చూసుకొని, ఇలా పెట్టారు: "ప్రియమైన పొరుగువారికి. స్థలాభావం చేత నా పుస్తకంలోని కింది పట్టికను కుదించవలసి వచ్చినది. పేరు లేకపోయినను నొచ్చుకొనని పెద్దమనసు గలవారు దయతో తమ పేరును తొలగించి, పట్టికను తిరిగి పంపగలరు." దాని కింద నూట నలభై మూడు పేర్లు, వరుస సంఖ్యలతో.

అయితే ఆ గ్రూపుకు ఒక అలవాటు ఉంది. శనివారం కూరగాయలైనా, వేసవిలో మామిడిపండ్ల పెట్టెలైనా, విహారయాత్రకు బస్సైనా, ఎవరో ఒక పట్టిక మొదలుపెడతారు. తక్కినవారు దాన్ని కాపీ చేసి, అడుగున తమ పేరు చేర్చి, మళ్ళీ పంపుతారు. పట్టిక పైన ఏమి రాసి ఉందో చదవడమనే ఆచారం అక్కడ ఎన్నడూ లేదు.

పది నిమిషాలకు మొదటి జవాబు వచ్చింది. "144. సంధ్య, బి-604. వెజ్ రెండు, చికెన్ మూడు."

పౌలు కళ్ళద్దాలు తుడుచుకొన్నారు. ఈలోగా ఫోను మిణుగురు పురుగులా మెరవసాగింది. "151. ఉదయ్ భాస్కర్. పెద్దలు ముగ్గురు. కిటికీ సీటు కావాలి." (పుస్తకంలో తప్పులు పట్టినందుకు ఈ ఉదయ్ భాస్కర్ పేరు పట్టికలో అదివరకే ఉంది.) "158. డి-210. ఒక పెట్టె. బంగినపల్లి అయితేనే." నూట అరవై ఆరో ఆవిడ, పిల్లలకు సగం ప్లేటు ఉంటుందా అని అడిగింది. నూట డెబ్భై దగ్గర ఎవరో "బస్సు ఎన్నింటికి?" అంటే, నూట డెబ్భై ఒకటి "పోయినసారిలాగా ఆలస్యమైతే మేం రాం" అని ముందే కోపగించుకొన్నారు. మధ్యాహ్నం టీ వేళకు పట్టిక రెండు వందల పదకొండుకు చేరింది.

ఇంటి నుంచే పనిచేస్తున్న దీవెన, ఆఫీసు మీటింగులో ఉండగా ఆ పట్టిక చూసింది. మైకు ఆపుకొనేలోపే ఆమె నవ్వు ఎక్కడెక్కడి ఆఫీసుల్లోనో వినబడింది. "డాడీ! తీసెయ్యమంటే కలిపిన్రు!"

"నవ్వకు బిడ్డా. ఇప్పుడు రెండువందల పదకొండు మందిని ఒక్క పేజీల ఎట్ల పట్టియ్యాలె?"

"అక్షరాలు చీమ తలకాయంత చేద్దాం. పుస్తకంతో భూతద్దం ఫ్రీ."

పౌలు పేర్లన్నీ మరొకసారి వేలు పెట్టి సరిచూశారు. తొలగించుకొన్న పెద్దమనసు కూడా ఒకటి కనబడింది. పన్నెండో నంబరు లేదు. పన్నెండు, "శ్రీమతి దీనమ్మ (టీ)".

ఆయన వంటింట్లోకి వెళ్ళారు. దీనమ్మది తెనాలి ప్రాంతం. నర్సుగా ముప్పై ఏళ్ళు హైదరాబాదు దవాఖానాల్లో తిరిగినా, ఆమె మాటలోని 'అండీ' చెక్కుచెదరలేదు.

"నువ్వెందుకు తీసేసుకున్నవ్?"

"పెద్దమనసు గలవాళ్ళు తీసెయ్యమన్నారు కదండీ," అంది దీనమ్మ టీ వడకడుతూ. "నాకు ఆ లిస్టులో నేనే ఒక పట్టాన దొరకలేదు. పదకొండు ఎవరో చూశారా? మన ఫ్లాస్కు బాగుచేసినాయన. పదమూడు ఫ్లాస్కు మూత ఇచ్చినాయన. ఇద్దరి మధ్యా నన్ను భలే ఇరికించారు."

"వరుస పట్టిచ్చుకోవద్దు. అందరు సమానమే..."

"అందరూ సమానమేనండీ. అందుకే ఎవరికీ ఏమీ అందట్లేదు." ఆమె గ్లాసు చేతిలో పెట్టి, నవ్వింది. "ముందు ఆ బాలానగరాయన్ని అడిగిరండి. పాతికేళ్ళుగా మీరు పట్టికలు రాస్తున్నది ఆయన ఒక్కడి కోసమే. మధ్యలో మేమంతా చప్పట్లు కొట్టలేక చస్తున్నాం."

బుధవారం ఉదయం దీవెన ఆఫీసుకు వెళ్తూ తండ్రిని హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లో దింపింది. మెట్రో బయలుదేరి అద్దాల మేడల నడుమ వంపు తిరుగుతుంటే, ఆ అద్దాలన్నిటిలోనూ రైలు, రైల్లో తాను, తన చేతిలో నాలుగు మడతల కాగితం కనబడుతున్నట్లే తోచింది పౌలుకు. అమీర్‌పేటలో రైలు మారారు. దారిపొడుగునా ఒక్కటే సాధన: "ఉస్తాద్, మీ పేరు మొదటి నంబర్ల ఏసిన." పక్కనున్న కాలేజీ అమ్మాయి ఇయర్‌ఫోన్లు తీసి, తనతో కాదని తెలుసుకొని, మళ్ళీ పెట్టుకొంది.

బాలానగర్‌లో దిగారు. ఒక కాలంలో ఆ ప్రాంతానికి కళ్ళు మూసుకొని వెళ్ళినా దారి తెలిసేది. ప్రతి షెడ్డుకూ ఒక చప్పుడు, ఒక నూనె వాసన. ఇప్పుడు సగం షెడ్లు గోదాములయ్యాయి. మిగిలిన సగం ఇంకా మోగుతూనే ఉన్నాయి. ఆ మోత వినగానే పౌలు అడుగు వేగం పెరిగింది; ఉస్తాద్ సందు మొదట్లో మళ్ళీ తగ్గింది.

వెంకటనారాయణ ఇంటి కింది భాగం ఒక చిన్న లేత్ షెడ్డుకు కిరాయికి ఇచ్చారు. ఎనభై మూడేళ్ళ మనిషి, గడప ముందు ప్లాస్టిక్ కుర్చీలో, కళ్ళు మూసుకొని కూర్చొని ఉన్నారు. పౌలు ఎదుట నిలబడి గొంతు సవరించుకొనేలోగా, ఆయన కళ్ళు తెరవకుండానే షెడ్డు వైపు కేకవేశారు. "బిట్ మొండిబారింది రా! సాన పట్టి పెట్టు! జాబ్ ఏడుస్తున్నది ఇనస్తలేదా?" లోపల లేత్ ఆగింది. ఆయన కళ్ళు తెరిచారు.

"పౌలా?"

"ఉస్తాద్!" అని, రైల్లో సాధన చేసిందంతా మరచి, పౌలు కాగితాన్ని ఆయన ఒళ్ళో పెట్టేశారు. "పుస్తకం రాసిన. మీ పేరు ఏస్త. మీరు ఒప్పుకోవాలె."

ఉస్తాద్ కాగితాన్ని కంటికి దూరంగా పట్టి చూశారు. చూసి, చాలా గంభీరంగా తలాడించారు.

"ఒకటో నంబర్. మంచిగనే ఉన్నది. అప్పుడు నలభై ఒకటి ఉంటుండె. ఇరవై ఐదేండ్లకు ప్రమోషన్ వచ్చింది!"

లోపలినుంచి ఆయన భార్య సీతాబాయి నవ్వు వినబడింది. పౌలుకు మాత్రం నవ్వు రాలేదు. "ఉస్తాద్, ఆ దినం మీ పేరు మరిచిన. దానికేగద..."

"ఏ, దానికి కాదు రా! మరిచిన దినం నాకెంత నవ్వొచ్చిందో అడుగు సీతాబాయిని. దండలామెకు చెప్పిండు, టెంటోనికి చెప్పిండు, పెండ్లికొడుకును మాత్రం మరిచిండని కడుపు పట్టుకొని నవ్విన. మర్నాడు నువ్వే ఇంటికి ఉరికొస్తవ్, చెవి పిండి చాయ్ తాగిపిద్దామనుకున్న. నువ్వు రాలె. బోర్డు మీదికి లిస్టు వచ్చింది. నలభై, టెంట్ హౌస్ యజమాని. నలభై ఒకటి, వెంకటనారాయణ గారు." ఆయన కాగితం మడిచారు. "ఇరవై మూడేండ్లు పక్క పక్క మిషన్ల మీద నిలబడ్డం. నాకు చెప్పేది నీకొక్క మాట లేకపాయెనా, నంబర్ తప్ప?"

పౌలు ఇరవై ఐదేళ్ళు తప్పు తాళం చెవితో తలుపు తీయబోయిన మనిషిలా నిలబడ్డారు.

"కూసో," అన్నారు ఉస్తాద్. "నంబర్ లేకుంట చెప్పు. పుస్తకంల నాకు ఏం సంగతికి థాంక్స్ చెప్తవ్?"

పౌలు పక్కనున్న ఇనుప స్టూలు మీద కూర్చొన్నారు. "డబ్బ మూతకు."

"ఏంది?"

"నేను చేరిన కొత్తల మూణ్ణెల్లు డబ్బ తెచ్చుకోకపోతుంటి. కుళాయి కాడ నీళ్ళు తాగి, తిన్ననని చెప్తుంటి. మీరు ఒకదినం ఏం మాట్లాడకుంట మీ డబ్బ మూత తీసి, ప్లేట్ లెక్క నా ముంగట పెట్టి, రెండు జొన్నరొట్టెలు ఏసిన్రు. దినాం అట్లనే. నాకు ఆకలైతలేదురా అనేటోళ్ళు. మీ తిండిల సగం నేను తిన్న ఉస్తాద్. ఆ సంగతి పుస్తకంల యాడ రాసినా మళ్ళ తీసేసిన."

"సగమా?"

ఆ మాట అన్నది ఉస్తాద్ కాదు. టీ గ్లాసులతో గడపలో నిలబడిన సీతాబాయి.

"ఏం సగం బిడ్డా? ఈయన ఒక్క రొట్టె తక్కువ తిన్నది నేనెన్నడు చూడలే! 'దినాం రెండు రొట్టెలు ఎక్కువ పెట్టు' అన్నడు. ఎవలికయ్యా అంటే, 'మిషన్‌కు' అన్నడు. మూణ్ణెల్లు నేను పొద్దుగాల్నే లేచి మిషన్‌కు రొట్టెలు కొట్టిన!"

పౌలు నోరు తెరిచి ఆమె వంక చూశారు. తరువాత ఉస్తాద్ వంక చూశారు. ఉస్తాద్ ఆకాశం వంక చూస్తున్నారు.

"ఆకలైతలేదంటిరి!"

"అయ్యింది. తిన్న. నీకు పెట్టిన. అండ్ల తప్పేమున్నది?"

"నలభై ఎనిమిదేండ్ల సంది నేను ఏడుస్తున్న ఉస్తాద్, మీ కడుపు మాడ్చిన్నని!"

ఇక ఎవరు ముందు నవ్వారో చెప్పడం కష్టం. ఉస్తాద్ కుర్చీ ప్లాస్టిక్‌ది కాబట్టి అది కూడా కిర్రుమని నవ్వింది. సీతాబాయి గ్లాసుల్లోని టీ సగం పళ్ళెంలోకి వచ్చింది. నవ్వు తగ్గుతుండగా ఆమె, ఊరికే, కాగితం వైపు చూపి అడిగింది.

"గంతమందిల నేనున్ననా బిడ్డా?"

ఆ ప్రశ్నతో వీధిలోని లేత్‌లన్నీ ఒక్కసారి ఆగినట్లయింది పౌలుకు. నూట నలభై మూడు. ఫ్లాస్కు మూత ఇచ్చినాయన ఉన్నాడు. సీతాబాయి లేదు. ఎవరూ జారిపోకూడదని పాతికేళ్ళు కట్టిన వలలోంచి, అన్నం పెట్టిన మనిషే జారిపోయింది!

"లేరమ్మా," అన్నారు పౌలు. అని, ఎందుకో, జీవితంలో మొదటిసారి ఆ మాట పలకడానికి భయం వేయలేదు. "లిస్టుల లేరు. పుస్తకంల ఉంటరు."

ఉస్తాద్ ఆయన చేతికి కలం అందించి, కాగితం తిరగేయించారు. "కడ్డీ మొత్తం గిరాకీ చేతికి ఇస్తమా? జాబ్ చేసి ఇస్తం. చెక్కు."

అలా ఆ మధ్యాహ్నం, ఆ గడప ముందు, ఇనుప స్టూలు మీద, కృతజ్ఞతలు చెక్కడం జరిగింది. పౌలు ఒక పేరు చదివేవారు. "ఈయన ఏం చేసిండు?" అని ఉస్తాద్ అడిగేవారు. చెప్పడానికి ఒక సంగతి ఉంటే, ఆ సంగతితోసహా పేరు నిలిచేది. "మంచోడు, సహకరించిండు" అంటే, "అది పొట్టు, రాలగొట్టు" అనేవారు. ఒకే పని పదిమంది చేసి ఉంటే, పేర్లు తీసి పని ఉంచేవారు. "మరి వీళ్ళకు?" అని పౌలు దిగాలుపడితే, సీతాబాయి దారి చూపింది: "పుస్తకం చేతికిచ్చేటప్పుడు మొదటి పేజీల నీ చేత్తోని ఓ ముక్క రాసియ్యి. అచ్చు కన్న ఆ ముక్కనే దాచుకుంటరు." ఇంటిపేరు దగ్గర మాత్రం ఉస్తాద్ ఒప్పుకోలేదు. "ఇంటిపేరు ఏస్తే పోస్టు వచ్చినట్లుంటది. నువ్వు ఎట్ల పిలుస్తవో అట్లనే రాయి."

నాలుగున్నరకు పౌలు నాలుగు సందులు దాటి ప్రెస్సుకు వెళ్ళి, కాగితం కిరణ్మయి ముందు పెట్టారు. ఆమె అంకితం చదివింది. మళ్ళీ చదివింది. టైపు చేసి, మూడో పేజీలో నడిమికి కొంచెం పైగా నిలిపింది.

"రోజూ రెండు రొట్టెలు ఎక్కువ చేసిన సీతాబాయి గారికి,
వాటిని మిషన్ పేరు చెప్పి నాకు తినిపించిన ఉస్తాద్ వెంకటనారాయణ గారికి."

"ఇంత జాగ ఖాళీ ఉన్నదమ్మా," అన్నారు పౌలు, పాత అలవాటు కొద్దీ. "కింద ఇంకో ఇద్దరిని..."

"అంకుల్! చెయ్యి తియ్యండి తెర మీదినుంచి!"

నాలుగో పేజీ ఇలా తయారైంది.

"ఈ పుస్తకాన్ని నేను ఒంటరిగా రాశానని ఎవరైనా అంటే, మా బాల్కనీ ఎదుటి టవరు వారు ఒప్పుకోరు. రెండేళ్ళు నా కేకలు భరించి, ఒక్కసారి కూడా పోలీసులకు ఫోన్ చేయని ఆ ఇరుగుపొరుగుకు మొదటి నమస్కారం. నా మాట వినని ఫోనుకు నా మాట వినడం నేర్పింది మా దీవెన. కొలతల అధ్యాయంలో నా తప్పులు మూడింటిని ఉదయ్ భాస్కర్ పట్టుకొన్నాడు. అతనికి దొరకనివి ఏవైనా ఉంటే అవి పూర్తిగా నావే. టర్నింగ్ షాపులో నాతోపాటు ఒకే కుళాయి దగ్గర వరుసకట్టి చేతులు కడుక్కొన్న మిత్రులారా, ఒకరి పేరు రాస్తే ఇంకొకరు కొట్టడానికి వస్తారని ఎవరి పేరూ రాయలేదు. ఏదో ఒక పేజీలో మీరున్నారు, వెతుక్కోండి. తొలగించమంటే చేర్చుకొన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపు వారి ప్రేమకు నా దగ్గర కొలత లేదు. మామిడిపండ్ల సంగతి మాత్రం నాకు తెలియదు. ఒక్క పేజీకి మించి ఇవ్వనని మొండికేసి, నాకు ముప్పై తొమ్మిదేళ్ళ పని మళ్ళీ గుర్తుచేసిన కిరణ్మయి చల్లగా ఉండాలి. ప్రతి అధ్యాయాన్నీ మొదట విన్నది దీనమ్మ. బాగున్నప్పుడు ఏమీ అనేది కాదు. బాగాలేనప్పుడు 'టీ తాగుతారా?' అనేది. ఈ పుస్తకం కోసం నేను చాలా టీ తాగాను."

కిరణ్మయి తన పేరున్న వాక్యం దగ్గర ఆగి, కళ్ళద్దాలు సర్దుకొని, "ఇంక మూడు లైన్లు పడతయి," అంది.

పౌలు ఆలోచించారు. చాలా గట్టిగా ఆలోచించారు. చొక్కా జేబు మీద చెయ్యి కూడా పడింది. "వద్దమ్మా," అన్నారు చివరికి. "కొలత సరిపోయింది."

ఆదివారం అపార్ట్‌మెంట్ హాలు నిండిపోయింది. నిండడానికి పుస్తకం ఎంత కారణమో, పట్టికలో తమ భోజనం నమోదైందన్న నమ్మకం కూడా అంతే కారణం. దీనమ్మ ఆ ప్రమాదాన్ని ముందే పసిగట్టి, రెండు వందల పదకొండు మందికీ బిర్యానీ చెప్పి ఉంచింది. చివర పౌలు మైకు దగ్గరకు రాగానే, వెనుక వరుసలు అలవాటుగా లేచాయి. ఆయన జేబులోంచి కాగితం తీయలేదు. పుస్తకం తెరిచి నాలుగో పేజీ చదివారు. లేచినవారు నిలబడిపోయారు. వాట్సాప్ వాక్యం దగ్గర హాలు నవ్వులతో పగిలిపోయింది; బి-604 సంధ్య ముఖం చీరకొంగులో దాచుకొంది. చివరి వాక్యానికి దీనమ్మ తల వంచుకొని, చేతిసంచిలో ఏదో చాలా ముఖ్యమైన వస్తువు కోసం వెతకసాగింది. బిర్యానీ ఇంకా పొగలు కక్కుతుండగానే వందన సమర్పణ ముగియడం ఆ కాలనీ చరిత్రలో అదే ప్రథమం.

మొదటి వరుసలో వెంకటనారాయణ ఒళ్ళో పుస్తకం మూడో పేజీ దగ్గర తెరిచి ఉంది. ఆయన దాన్ని చదవడం లేదు; బొటనవేలితో, అరుగుదల చూసే టర్నరులా, ఆ రెండు పంక్తులను మెల్లగా తడుముతున్నారు.

"ఉస్తాద్, సైజు బరాబర్ వచ్చిందా?" అని పౌలు వంగి అడిగారు.

"పాస్," అన్నారు ఉస్తాద్.

పక్కన సీతాబాయి సంచిలోంచి ఒక పాత స్టీలు డబ్బా తీసింది. అంచులు సొట్టపోయిన డబ్బా. మూత తీసి, తిరగేసి, పళ్ళెంలాగా పౌలు ముందు పెట్టింది. అందులో రెండు జొన్నరొట్టెలు.

"ఏందమ్మా ఇది? అవతల బిర్యానీ ఉన్నది కదా?"

"నీకని ఎవలన్నరు?" అంది సీతాబాయి. "మిషన్‌కు."